పీచుమేడం పెట్టిన ప్రశ్నార్థకం

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు గది తలుపు మీది బోర్డుకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ ఆవిడ పీచుమేడమే. ఏం తినాలో ఏం మానాలో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఎవరొచ్చినా పీచు, పీచు అని ప్రాణం తీస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, తర్వాత ముఖం మీదే పిలిచారు, ఇప్పుడు ఆవిడే ఫోనెత్తి "పీచుమేడాన్ని మాట్లాడుతున్నా" అంటుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసు మరి.

గది కింది అంతస్తులో, రక్తం తీసే గది పక్కనే. ఒక బల్ల, మూడు కుర్చీలు, బరువు తూచే మిషను, ఇసబ్గోల్ పొట్టు డబ్బా, ఒక గాజుగ్లాసు. ఆ గ్లాసుతోనే ఆవిడ ప్రతాపమంతా. కొలెస్ట్రాల్ అని చీటీ పట్టుకుని ఎవరైనా రాగానే గ్లాసులో కాసిని నీళ్ళు పోసి, ఒక చెంచా పొట్టు వేసి కలిపి పక్కన పెట్టేది.

"ఇప్పుడు చెప్తా వినండి. తిన్న కొవ్వు అరగాలంటే పిత్తరసం కావాలి. దాన్ని చేసేది లివరు. దేంతో చేస్తుంది? మీ ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌తోనే. మహా పిసినారిది లెండి. పేగులోకి వదిలిన పిత్త ఆమ్లాల్ని వందలో తొంభై అయిదు పాళ్ళు చిన్నపేగు చివర మళ్ళీ లాగేసుకుని వాడిందే వాడుకుంటుంది. అక్కడ మన పీచు అడ్డం పడుతుంది. ఓట్సు, బార్లీ, చిక్కుళ్ళు, ఆపిలు, ఇదిగో ఈ పొట్టు, వీటిలోది నీళ్ళలో కరిగే పీచు. జిగురైపోయి ఆ ఆమ్లాల్ని తనలో పట్టేసుకుని, ఎటు పోతుందో మీకు తెలుసుగా, అటు పట్టుకుపోతుంది. లివరు లబోదిబోమంటుంది. మళ్ళీ కొత్తగా చేసుకోవాలి. సరుకేదీ? రక్తంలో తిరుగుతున్న కొలెస్ట్రాల్‌ని లోపలికి లాక్కుంటుంది. మీ అంకె దిగుతుంది. ఎంతో కాదు, వందకి అయిదో పదో పాళ్ళు. కానీ దిగి తీరుతుంది."

ఇంతా చెప్పేసరికి గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి ఉండేవి. గ్లాసు బోర్లించి చూపించేది. చుక్క కింద పడేది కాదు. వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆవిడతో వచ్చిన చిక్కల్లా నోటుబుక్కు. ప్రతి మనిషీ ఏం తిన్నదీ పూటపూటకీ రాసుకురావాలి. మూడు నెలలకి మళ్ళీ రక్తం తీసి, అంకె దిగకపోతే ఎర్రపెన్ను తీసి ఆ పుస్తకంలో పేజీ నిండా ప్రశ్నార్థకం పెట్టేది. అబద్ధం అని రాయడం మర్యాద కాదు కాబట్టి అది. ఆవిడ తప్పూ లేదు పాపం, జనం అలాంటివాళ్ళు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం "ఉడికించిన కూరగాయలు" అని రాసుకొచ్చిన ఒక రిటైర్డు గుమాస్తాగారి పుస్తకంలో ప్రతి పేజీకీ నూనె మరక ఉండేది. చక్కెర ముట్టను అన్న ఇంకో పెద్దమనిషి జేబులోంచి చాక్లెట్ కాగితం జారి ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. ఇరవై రెండేళ్ళు ఇలాంటివి చూసీ చూసీ, మనుషులు అబద్ధమాడతారు, రక్తం ఆడదు అని ఆవిడకి మనసులో గట్టిపడిపోయింది.

అలాంటి రోజుల్లో వచ్చింది దర్జీ ఆమె, ఎనిమిదేళ్ళ కూతుర్ని వెంటపెట్టుకుని. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. హడావుడిలో కొలతల టేపు మెడలోనే మరిచిపోయి వచ్చింది. పిల్ల సన్నగా, కుదురు లేకుండా, కుర్చీ మీంచి కిటికీకీ, కిటికీ నుంచి తూకం మిషను మీదికీ ఎగురుతోంది. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారట. దాని మోకాళ్ళ మీద, మోచేతుల మీద, వేళ్ళ సందుల్లో పసుపుపచ్చగా బొడిపెలు. చర్మం డాక్టరు పులిపిర్లు అని ఏడాదిగా పూతమందు రాస్తున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఒక కుర్ర డాక్టరు రక్తం చేయించి, కొలెస్ట్రాల్ ఆరువందల నలభై అని చూసి, చీటీ మీద "డైట్" అని ఒక్క ముక్క రాసి ఇటు పంపాడు.

పీచుమేడం ఆ అంకెని నమ్మలేదు. మళ్ళీ తీయించింది. ఆరువందల ముప్పై ఆరు.

"ఏం పెడుతున్నావమ్మా ఈ పిల్లకి? నా దగ్గరికి రెండొందల యాభై ఉందని ఏడుస్తూ వస్తారు ముసలివాళ్ళు."

"అందరం తినేదే మేడం. మా అన్నయ్య కూడా ముప్పై రెండేళ్ళకే గుండె ఆగి..."

"ఆ కబుర్లు తర్వాత. ముందు తిండి సంగతి చెప్పు."

నోటుబుక్కులో తిండికి గడులున్నాయి, నీళ్ళకీ నిద్రకీ గడులున్నాయి. పోయిన అన్నయ్యలకి గడి లేదు. అందుకని ఆ మాట అక్కడే ఆగిపోయింది.

గ్లాసు ప్రదర్శన మాత్రం పిల్లకి తెగ నచ్చింది. బోర్లించిన గ్లాసు కిందికి తల దూర్చి చూసి, "జిగురాంటీ, ఇది నా పొట్టలో కూడా ఇలాగే వేలాడుతుందా?" అంది. పీచుమేడం నవ్వాపుకోలేకపోయింది. రోజూ సగం చెంచాతో మొదలుపెట్టి, రెండు వారాలకి ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్ళతో, పొద్దున ఓట్సు, మధ్యాహ్నం బార్లీ, చిక్కుళ్ళు. వెన్న, గుడ్డు సొన, మాంసం, కేకులు, వేపుళ్ళు బంద్. రాసిచ్చి పంపింది.

మూడు నెలల తర్వాత దర్జీ ఆమె తెచ్చిన పుస్తకం లాంటిది పీచుమేడం తన సర్వీసులో చూడలేదు. కుట్టు వేసినట్టు వరసలు. "ఓట్సు, నలభై గ్రాములు. సగం వదిలేసింది, బతిమాలి తినిపించాను." "పొట్ట ఉబ్బరంగా ఉందని ఏడ్చింది. పొట్టు తాగింది." "పక్కింట్లో పుట్టినరోజు. పంపలేదు." ఇలా తొంభై రోజులు.

రక్తంలో ఆరువందల ఇరవై తొమ్మిది.

పీచుమేడం అంకెని చూసింది, పుస్తకాన్ని చూసింది. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం. అంత ముచ్చటైన పుస్తకం కనకనే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. ఎర్రపెన్ను తీసి పేజీ నిండా ప్రశ్నార్థకం పెట్టింది.

"చూడమ్మా, కథలు నేను చాలా విన్నాను. పీచు పనిచేయకుండా ఉండదు. నీ కళ్ళ ముందే గ్లాసు బోర్లించి చూపించానా లేదా? నువ్వు నిజంగా పెట్టుంటే అంకె దిగాలి. నువ్వు నాకు అబద్ధం చెప్పొచ్చు, పిల్ల లివరుకి చెప్పలేవు."

"దాని మీద ఒట్టు మేడం. ఒక్క రోజు తప్పలేదు."

"పిల్ల మీద ఒట్లు పెట్టకు."

ఆ రోజు తండ్రి కూడా వచ్చాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టల్లోనే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పెళ్ళాం వంక ఒక చూపు చూసి, "ఇంటికి పద, మా అమ్మ అన్నది నిజమే" అన్నాడు. వాళ్ళమ్మ ఏమందో ఎవరూ అడగలేదు. దర్జీ ఆమె ముఖం పాలిపోయింది. ఆవేళ కూడా మెడలోనే ఉన్న టేపు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

అప్పుడు పిచ్చుక కుర్చీలోంచి దిగింది.

"నేనే తిన్నా."

"ఏం తిన్నావే?" అన్నాడు తండ్రి.

"కేకు. బళ్ళో నా పక్కన కూచునే అమ్మాయి తెస్తుంది. క్రీముంటుంది. రోజూ తిన్నా. అమ్మకి తెలీదు."

పీచుమేడం కుర్చీలో వెనక్కి వాలింది. నిజం చెప్పాలంటే ఆవిడకి ఆ క్షణాన సంతోషమే కలిగింది. గ్లాసు గెలిచింది. పిల్ల బుగ్గ మీద తట్టి, "శెభాష్, నిజం ఒప్పుకున్నావు. ఇంక మానేస్తావుగా?" అంది. పిల్ల తలూపింది. "రోజుకో ముక్క కేకు తిన్నంత మాత్రాన ఆరువందలు ఎలా అవుతుందే?" అని తనకి తాను వేసుకోవాల్సిన ఒకే ఒక్క ప్రశ్న ఆవిడకి తట్టనే లేదు. ఇంకో మూడు నెలలు అదే పథ్యం రాసిచ్చి పంపించేసింది.

రెండు నెలలు తిరక్కుండానే పిచ్చుక బడి మెట్ల మీద పడిపోయింది.

గుండె వార్డు మూడో అంతస్తులో. అక్కడి డాక్టరు నెరిసిన జుట్టు పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. కబురు పెడితే పీచుమేడం పైకి వెళ్ళింది. ఆయన పిల్ల దుప్పటి తొలగించి మోకాళ్ళు చూపించాడు.

"ఇవి పులిపిర్లు కాదండీ. కొలెస్ట్రాలే. చర్మం కింద పేరుకుంది. ఇలాగే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం మొదట్లోనూ పేరుకుని దారి మూసుకుపోతోంది."

పక్క గదిలోకి తీసుకెళ్ళి రెండు కాగితాలు ముందు పెట్టాడు. తండ్రికి మూడువందల పది. తల్లికి మూడువందల ఇరవై అయిదు. ఇద్దరూ చూడ్డానికి దుక్కల్లా ఉన్నారు.

"పుట్టుకతో వచ్చింది. తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం. ఆమె అన్న చిన్న వయసులోనే పోయాడటగా, మీతో చెప్పానంది."

పీచుమేడం కాగితాలు మళ్ళీ చూసింది. "మరి పీచు... అయిదు నెలలు... అసలు పనే చేయలేదంటారా?"

"ఎందుకు చేయదు? దాని పని అది చేసే ఉంటుంది. పిత్త ఆమ్లాల్ని పట్టుకుంది, బయటికి పంపింది. లివరుకి లోటు తెలిసింది. రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాలనుకుంది. లాక్కోవాలంటే లివరుకి తలుపులుండాలి కదండీ. ఈ పిల్లకి ఆ తలుపులే లేవు. రక్తంలో ఉన్నది రక్తంలోనే తిరుగుతుంది. లివరేమో తనకి కావలసింది లోపలే కొత్తగా తయారు చేసుకుంటుంది. తల్లీతండ్రులకి సగం తలుపులున్నాయి కాబట్టి ఇన్నాళ్ళు లాక్కొచ్చారు."

తలుపుల సంగతి పీచుమేడానికి తెలియంది కాదు. చదువుకునేటప్పుడు బొమ్మ వేసి మార్కులు కూడా తెచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా వేలమందికి చెప్పిన కథలో "లాక్కుంటుంది" అనే ఒక్క మాట దగ్గర ఆ తలుపులుండేవి. అవి లేని మనిషి ఎదురు కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతుంటే, వాళ్ళమ్మని దొంగని చేసింది.

"మొదట్లోనే మీ దగ్గరికి పంపుంటే?" అని అడిగింది.

డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మందులు మొదలుపెట్టేవాణ్ణి. రక్తం వడకట్టే మిషను మీద పెట్టేవాణ్ణి. దక్కేదో లేదో చెప్పలేనండీ. ఆ అయిదు నెలలూ చేతిలో ఉండేవి, అంతే." అలా కాకుండా ఆయన కేకలేసి ఉంటే ఆవిడకి కాస్త తేలికగా ఉండేది.

మిషను మీద పెట్టారు. రక్తం గొట్టాల్లోంచి బయటికి పోయి, కొలెస్ట్రాల్ వదిలించుకుని తిరిగొచ్చేది. పీచుమేడం రోజూ మధ్యాహ్నం పైకి వెళ్ళి కూర్చునేది. ఒకరోజు దర్జీ ఆమె మందులకని కిందికి వెళ్ళినప్పుడు, పిచ్చుక నెమ్మదిగా అంది.

"జిగురాంటీ, నేను కేకు తినలేదు."

"ఏంటమ్మా?"

"ఒక్కసారి కూడా తినలేదు. ఆ అమ్మాయి అసలు కేకు తేదు, రొట్టె తెస్తుంది."

"మరి తిన్నానని ఎందుకు చెప్పావే తల్లీ?"

"మీరు అమ్మని తిడుతున్నారుగా. నాన్న కూడా కోప్పడ్డాడుగా. నేనైతే చిన్నపిల్లని కదా, ఊరికే వదిలేస్తారు." ఇంత సులువైన సంగతి పెద్దవాళ్ళకి ఎందుకు తెలియదో అన్నట్టు చూసింది. "జిగురు ఇంక తాగక్కర్లేదుగా?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా" అని పీచుమేడం లేచి వరండాలోకి పోయింది. గోడ వైపు తిరిగి, అందరూ చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చింది.

ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. దానికి నాలుగు రోజుల ముందు, ఒక సాయంత్రం, పిచ్చుక గుండె ఆగిపోయింది.

నెల తిరిగింది. పీచుమేడం గ్లాసు బయటికి తీయలేదు. వచ్చినవాళ్ళకి కాగితం మీద రాసిచ్చి పంపేసేది. ఆ వీధిలోనే ఉండే ఆయా ఒకరోజు గది ఊడుస్తూ చెప్పింది.

"ఆ దర్జీ ఆమె బతుకు చూళ్ళేం మేడం. అత్తగారు దాని చేతి మెతుకు ముట్టట్లేదు. వచ్చిన వాళ్ళందరి దగ్గరా, పిల్లకి దొంగచాటుగా అడ్డమైనవీ పెట్టి పొట్టనబెట్టుకుంది అంటోంది. పేషెంట్ల పుస్తకాలు చూసే మేడమే చెప్పిందట. అంటే మీరేగా?"

పీచుమేడం ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టింది. తన దగ్గరే ఉండిపోయిన పిల్ల నోటుబుక్కూ, ముగ్గురి రక్తం కాగితాలూ సంచిలో వేసుకుని బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. ఏమైనా సరే, ఆ తల్లి తలెత్తుకునేలా చేసి రావాలి. తను చేయగలిగింది ఇక ఆ ఒక్కటే.

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక దర్జీ ఆమె. మంచం మీద అత్తగారు. తండ్రి అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, చెప్పులు కూడా విప్పలేదు. కుర్చీ వేశారు. పీచుమేడం కూర్చోలేదు.

"పెద్దమ్మగారూ, మీకు ఒక మాట చెప్పాలని వచ్చాను. మీ కోడలు పిల్లకి ఏ అడ్డమైన తిండీ పెట్టలేదు. అంకె దిగకపోవడం ఆమె తప్పు కాదు. తప్పు నాది."

అత్తగారు ముఖం తిప్పుకుంది. "అంత పీచు పోస్తే దిగాలని మీరేగా అన్నారు?"

"అన్నాను. సగమే చెప్పాను. పీచు చేసే పని ఒకటే అమ్మా, పేగులో పిత్తాన్ని పట్టుకుపోవడం. ఆ లోటు పూడ్చుకోవడానికి రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవలసింది లివరు. మీ మనవరాలి లివరుకి లాక్కునే తలుపులే లేవు. ఇక ఎంత పీచు పోసి ఏం లాభం? బయటి సరుకు లోపలికి రాదు."

"తలుపులు లేకపోవడమేంటి? ఎక్కడికి పోయాయి?"

"పుట్టుకతోనే లేవు. సగం లోపం తల్లి నుంచి వచ్చింది, సగం..." పీచుమేడం డ్రైవరు వంక చూసింది. అతనే అందుకున్నాడు.

"నా నుంచి అమ్మా. డాక్టరుగారు నాకు చెప్పారు. నీతో చెప్పడానికి నోరు రాలేదు."

ముసలావిడ కొడుకు వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ మొగుడు కూడా నలభై దాటకుండానే, భుజం నొప్పని పడుకుని లేవలేదు. ఆ సంగతి ఆ గదిలో తెలియనిది పీచుమేడానికొక్కదానికే. "అయితే మా వైపు నుంచి కూడానా" అని గొణిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పీచుమేడం సంచిలోంచి నోటుబుక్కు తీసి మంచం మీద పెట్టింది. ఇక చెప్పాల్సిందంతా చెప్పేయాలి, ఒక్క అనుమానం కూడా మిగలకూడదు.

"ఈ పుస్తకంలో ప్రతి అక్షరం నిజం. కేకు తిన్నానని పిల్ల చెప్పిందే, అదీ అబద్ధమేనమ్మా. వాళ్ళమ్మని నేను తిడుతుంటే చూడలేక చెప్పింది. వార్డులో తనే నాతో అంది, ఒక్కసారి కూడా తినలేదని. నేను పెట్టిన పథ్యం ఆ పిల్ల ఆఖరి దాకా ఒక్క పూట తప్పలేదు. అలా నడిపించిన తల్లిని ఇంకెవరైనా ఒక మాటంటే ఆ పాపం నాదే."

డ్రైవరు తల వంచుకుని ఏడుస్తున్నాడు. అత్తగారు మంచం దిగి వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు. వచ్చిన పని అయిందనుకుంది పీచుమేడం. ఇన్నాళ్ళకి ఊపిరి పీల్చుకుంటూ దర్జీ ఆమె వైపు తిరిగింది.

ఆమె మిషను మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ముఖంలో తేలిక లేదు. ఇప్పుడే ఇంకోసారి పిల్ల పోయిన కబురు విన్నట్టు ఉంది.

"కేకు తినలేదా మేడం?"

"తినలేదమ్మా. నిజంగా."

"ఆవేళ ఇంటికొస్తూ బస్సులో అడిగాను, ఎలా ఉందే కేకు అని. మెత్తగా ఉందమ్మా, పైన గులాబీ పువ్వు ఉంది, అది నాకే ఇచ్చింది, అంది. పుట్టినరోజుకి పంపలేదు. వెన్న మాన్పించాను, గుడ్డు మాన్పించాను, పొట్ట నొప్పంటున్నా ముక్కు మూసి ఆ జిగురు తాగించాను. పోనీలే, నాకు తెలీకుండా అదొక్కటన్నా తృప్తిగా తినిపోయింది అనుకునేదాన్ని. వీళ్ళు ఎన్ని మాటలన్నా అదే తలుచుకుని ఊరుకునేదాన్ని. అదీ తినలేదా?"

దర్జీ ఆమె తలెత్తి, జవాబు కోసం ఇంకా పీచుమేడం వైపే చూస్తోంది.